మాత్రిక గుణకారం: నిలువుగా ఒక చదువు, అడ్డంగా మరొక చదువు

ఇంటర్ మొదటి ఏడాదిలో గణితం 1ఎ చదివినవారికి రెండు మాత్రికలను గుణించడం బాగానే వస్తుంది. మొదటిదాంట్లో ఒక అడ్డు వరుస, రెండోదాంట్లో ఒక నిలువు వరుస తీసుకుని, జత జతగా గుణించి, అన్నీ కూడితే ఒక సంఖ్య వస్తుంది. అదే పుస్తకంలో వెక్టర్ల గురించి కూడా చదివారు: బాణం గుర్తులు, కూడిక, డాట్ ప్రొడక్ట్. కానీ మాత్రికల అధ్యాయంలో బాణాలు కనబడవు, వెక్టర్ల అధ్యాయంలో మాత్రికలు కనబడవు. మెషిన్ లెర్నింగ్ మొదలుపెట్టగానే `y = Wx + b` ఎదురవుతుంది. లెక్క చెయ్యమంటే చేసేస్తారు. ఆ `W` అసలు `x`ని ఏం చేస్తోంది అని అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబుండదు.

ఈ లోటు తీర్చడానికి మంచి పాఠాలు కొన్ని ఉన్నాయి. అవి ఒకే మాత్రికను వేరువేరుగా చదవమంటాయి. ఏ చదువు ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే ఇక్కడి ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెబుతాను. మొదట నిలువు వరుసలు చదవడం నేర్చుకోవాలి, అడ్డు వరుసల సంగతి ఆ తర్వాత. న్యూరల్ నెట్‌వర్క్ లోపల ఏం జరుగుతోందో కనబడాలంటే చివరికి రెండూ కావాలి.

నిలువు చదువును తరగతి గదిలో బాగా నిలబెట్టినవాడు ఎంఐటీలో పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ గిల్బర్ట్ స్ట్రాంగ్. ఆయన 18.06 కోర్సు వీడియోలు ఇప్పటికీ ఉచితంగా దొరుకుతాయి. ఆయన చూపే మార్గం ఇది. ఒక మాత్రికలో మొదటి నిలువు వరుస (2, 1), రెండోది (-1, 1) అనుకుందాం. దీన్ని (3, 2) అనే వెక్టర్‌తో గుణించడమంటే, మొదటి నిలువు వరుసను మూడుసార్లు, రెండోదాన్ని రెండుసార్లు తీసుకుని కలపడమే. మూడు రెట్ల (2, 1) అంటే (6, 3). రెండు రెట్ల (-1, 1) అంటే (-2, 2). రెండూ కలిపితే (4, 5). స్కూల్లో నేర్చుకున్న పద్ధతిలో చేసినా అదే వస్తుంది, కానీ ఇప్పుడు ఆ (4, 5) ఎలా తయారైందో కళ్లకు కడుతుంది: ఒక బాణం మీద మూడు అంగలు, రెండో బాణం మీద రెండు అంగలు.

ఇక్కడ ఒక మెట్టు దిగితే అసలు విషయం దొరుకుతుంది. అదే మాత్రికను (1, 0)తో గుణిస్తే మొదటి నిలువు వరుస యథాతథంగా బయటికొస్తుంది, (0, 1)తో గుణిస్తే రెండోది. అంటే అడ్డ అక్షం మీది ప్రమాణ బాణం ఎక్కడికి వెళ్లిందో మొదటి నిలువు వరుస చెబుతుంది, నిలువు అక్షం మీది బాణం ఎక్కడికి వెళ్లిందో రెండోది చెబుతుంది. ఈ రెండు బాణాల గతి తెలిస్తే తలంలో మిగతా ప్రతి బిందువు గతీ తెలిసినట్టే, ఎందుకంటే ఏ బిందువుకైనా ఈ రెండింటి మీదుగానే చేరుకుంటాం. వాకిట్లో చుక్కల ముగ్గు ఊహించుకోండి. మాత్రిక ఆ చుక్కలన్నిటినీ ఒక్కసారిగా కదుపుతుంది. వరుసలు వాలవచ్చు, సాగవచ్చు, తిరగవచ్చు. కానీ తిన్నగా ఉన్న వరుస వంకర పోదు, ఒక వరుసలో చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం మారినా, వరుస పొడవునా ఒకేలా ఉంటుంది. మధ్యలో ఉన్న చుక్క కదలదు. మాత్రిక చెయ్యగలిగింది ఇంతే. వంచడం దాని చేతిలో లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో దీంతో చాలా పని పడుతుంది.

ఈ కదలికను బొమ్మల్లో చూపించింది గ్రాంట్ శాండర్సన్ 2016లో చేసిన ‘ఎసెన్స్ ఆఫ్ లీనియర్ ఆల్జీబ్రా’ వీడియోలు. కదలికను కదలికగానే చూపడంలో వాటికి సాటి వచ్చే పుస్తకం లేదు. కాగితం మీద బాణం కదలదు కదా. అయితే వాటి హద్దు కూడా చెప్పాలి. బొమ్మలన్నీ దాదాపు రెండు, మూడు కొలతల్లో, ఎక్కువగా చదరపు మాత్రికలతో సాగుతాయి. మెషిన్ లెర్నింగ్‌లో ఎదురయ్యేవి చాలావరకు చదరపువి కావు, ఒక వెక్టర్ కాదు వందల వెక్టర్లు ఒకేసారి వస్తాయి. వీడియో చూసి ‘అర్థమైంది’ అనుకున్నవారు మొదటి ప్రోగ్రామ్ రాయగానే తడబడేది ఇక్కడే. చూస్తూ చూస్తూ చేతితో లెక్క వెయ్యకపోతే ఆ బొమ్మ రెండు రోజుల్లో చెదిరిపోతుంది.

రెండు మాత్రికల గుణకారానికి ఇప్పుడు అర్థం చెప్పవచ్చు. 1850లో సిల్వెస్టర్ ‘మేట్రిక్స్’ అనే పేరు పెట్టాడు. 1858లో కేలీ తన వ్యాసంలో వాటి గుణకారాన్ని నిర్వచించాడు. ఒక మార్పిడి తర్వాత ఇంకొకటి చేస్తే కలిసి ఏ మార్పిడి అవుతుందో, దాన్నే లబ్ధం అన్నాడు. స్కూల్లో నేర్పిన అడ్డు వరుస, నిలువు వరుస సూత్రం దాన్నుంచి పుట్టిందే. పుట్టుక చెప్పకుండా సూత్రం మాత్రం చెబితే అది ఎవరో సరదాకి పెట్టిన నియమంలా కనబడుతుంది.

ఒక ఉదాహరణ చేద్దాం. `R` తలాన్ని గడియారానికి ఎదురు దిశలో 90 డిగ్రీలు తిప్పుతుంది. అడ్డ బాణం (0, 1)కి, నిలువు బాణం (-1, 0)కి వెళ్తాయి; కాబట్టి అవే దాని నిలువు వరుసలు. `S` తలాన్ని పక్కకు వాలుస్తుంది. అడ్డ బాణం (1, 0) దగ్గరే ఉంటుంది, నిలువు బాణం (1, 1)కి వాలుతుంది. ముందు తిప్పి తర్వాత వాలిస్తే, అంటే `SR`, ఏమవుతుంది? అడ్డ బాణం తిరిగి (0, 1) అయింది. దాన్ని వాలిస్తే (1, 1). నిలువు బాణం తిరిగి (-1, 0) అయింది. దాన్ని వాలిస్తే మారదు. కాబట్టి `SR` నిలువు వరుసలు (1, 1), (-1, 0). ఇప్పుడు ముందు వాల్చి తర్వాత తిప్పితే, అంటే `RS`: అడ్డ బాణం (0, 1)కి, నిలువు బాణం (-1, 1)కి చేరతాయి. రెండూ వేరు. `AB`, `BA` ఒకటి కావు అన్న నియమాన్ని ఇక బట్టీ పట్టక్కర్లేదు. కాగితం మీద నాలుగు బాణాలు గీస్తే చాలు. కుడివైపున్న మాత్రిక ముందు పనిచేస్తుందన్నది ఒక్కటే గుర్తుంచుకోవాల్సింది.

ఇక అడ్డు చదువు. దీన్ని పక్కన పెట్టెయ్యమని నేను అనడం లేదు. న్యూరాన్ అర్థమయ్యేది దీంతోనే. ఒక అడ్డు వరుస (3, 4) అనుకోండి. దాని పొడవు 5. లోపలికి వచ్చిన వెక్టర్ (2, 1). డాట్ ప్రొడక్ట్ 6 + 4 = 10. ఈ 10ని 5తో భాగిస్తే 2 వస్తుంది: (3, 4) దిశలో గీసిన గీత మీద (2, 1) వేసే నీడ పొడవు అది. అంటే అడ్డు వరుస ఒక దిశను చూపించి, ‘నువ్వు నా వైపు ఎంత దూరం వచ్చావు?’ అని అడుగుతోంది. జవాబు 10 వచ్చే బిందువులన్నీ (3, 4)కి లంబంగా, మూలం నుంచి 2 దూరంలో ఉన్న ఒక సరళరేఖ మీద వరుసగా ఉంటాయి. `b` మారితే ఆ రేఖ తనకు సమాంతరంగా జరుగుతుంది. న్యూరాన్ గీసే హద్దు ఆ రేఖే.

రెండు చదువులూ ఒకే మాత్రిక మీద ఎలా కలుస్తాయో చేతిరాత అంకెలను గుర్తించే ఎమ్‌నిస్ట్ ఉదాహరణలో బాగా కనబడుతుంది. ఒక్కో బొమ్మ 28 × 28, అంటే 784 సంఖ్యల వెక్టర్. మొదటి పొర 128 న్యూరాన్లదైతే `W`లో 128 అడ్డు వరుసలు, 784 నిలువు వరుసలు ఉంటాయి. అడ్డు వరుస ఒక్కోదానిలో 784 సంఖ్యలున్నాయి కాబట్టి దాన్ని మళ్లీ 28 × 28 బొమ్మగా పేర్చి చూడవచ్చు. ఆ న్యూరాన్ ఏ ఆకారం కోసం వెతుకుతోందో కొంతవరకు తెలుస్తుంది. నిలువు వరుసలు వేరే సంగతి చెబుతాయి: ఫలానా పిక్సెల్ వెలిగితే 128 కొలతల కొత్త చోటులో బాణం ఎటు జరుగుతుందో అన్నది. పైగా 784 కొలతలు 128లోకి కుదించుకుపోవాలంటే కనీసం 656 దిశలు పూర్తిగా సున్నా అయిపోవాలి. బొమ్మను ఆ దిశల్లో ఎంత మార్చినా ఈ పొరకు తెలియదు. చదరపు కాని మాత్రికను ‘కొలతలు తగ్గించేది’ అని ఊరికే చెప్పేకంటే ఏం పోగొడుతోందో అడగడం మేలు.

ఇప్పుడు అసలు పరీక్ష. మాత్రిక వంచలేదన్నాం కదా. వంచకపోతే వచ్చే నష్టం 1969లో మిన్స్కీ, పాపర్ట్ ‘పర్సెప్ట్రాన్స్’ పుస్తకంలో తేల్చినవాటిలో ఉంది. నాలుగు బిందువులు: (0, 0), (1, 1)లకు జవాబు 0, (0, 1), (1, 0)లకు జవాబు 1. దీన్నే ఎక్స్ఆర్ అంటారు. ఒక్క సరళరేఖతో వీటిని రెండు జట్లుగా విడదియ్యలేం. కారణం చిన్నది: మొదటి జట్టు మధ్యబిందువు (½, ½), రెండో జట్టు మధ్యబిందువూ (½, ½). రేఖకు ఒకే పక్కనున్న రెండు బిందువుల మధ్యబిందువు కూడా ఆ పక్కనే ఉండాలి. ఒకే బిందువు రెండు పక్కలా ఉండటం కుదరదు.

రెండు మాత్రికలు వరుసగా పెడితే తీరుతుందా? తీరదు. ఒకదాని తర్వాత ఒకటి చేస్తే కలిసి ఒకే మాత్రిక అవుతుందని పైనే చూశాం. `b`లు కలిపినా అంతే. వంద పొరలు పేర్చినా ఒక్క పొరకున్న బలమే. అందుకే మధ్యలో వంచేది ఒకటి కావాలి. ఎక్కువగా వాడేవాటిలో ఒకటి `ReLU`: రుణసంఖ్య వస్తే సున్నా చేస్తుంది, లేకపోతే ఉన్నదున్నట్టు వదులుతుంది.

గుడ్‌ఫెలో, బెంజియో, కోర్విల్ 2016లో రాసిన ‘డీప్ లెర్నింగ్’ పుస్తకంలో ఎక్స్ఆర్‌కు ఒక పరిష్కారం ఉంది. అక్కడ సంఖ్యలు ఎక్కువ, బొమ్మ తక్కువ. దాన్ని బాణాలతో చదువుదాం. మొదటి మాత్రిక రెండు నిలువు వరుసలూ (1, 1)లే. అడ్డ బాణమూ, నిలువు బాణమూ ఒకే చోటికి వెళ్తున్నాయి. తలమంతా నలిగి ఒకే రేఖ మీదికి వచ్చేస్తుంది. ఇంటర్‌లో నేర్చుకున్న నిర్ధారకం ఇక్కడ సున్నా అవడానికి అర్థం అదే. మామూలుగా ఇది నష్టం అనుకుంటాం. ఇక్కడ అదే లాభం: (0, 1), (1, 0) రెండూ (1, 1) దగ్గర ఒకే బిందువుగా కలిసిపోయాయి. వాటి జవాబు ఒకటే కదా, కలిసినా ఫర్వాలేదు. (0, 0) అక్కడే ఉంది, (1, 1) వెళ్లి (2, 2) అయింది.

కానీ మూడు బిందువులూ ఇంకా ఒకే రేఖ మీద ఉన్నాయి, 1 జవాబుగా గలది సరిగ్గా మధ్యలో. దాన్ని ఏ గీతా విడదియ్యలేదు. ఇప్పుడు (0, -1) కలుపుదాం. బిందువులు (0, -1), (1, 0), (2, 1) అవుతాయి. ఇంకా ఒకే రేఖ. అప్పుడు `ReLU` వేస్తే (0, -1) మాత్రమే మారుతుంది, (0, 0)కి ఎక్కుతుంది. మిగతా రెండూ కదలవు. ఇప్పుడున్నవి (0, 0), (1, 0), (2, 1). రేఖ (1, 0) దగ్గర విరిగింది. మూడు బిందువులు ఒక త్రిభుజమయ్యాయి, త్రిభుజంలో ఏ మూలనైనా ఒక గీతతో విడదియ్యవచ్చు. చివరి పొర అడ్డు వరుస (1, -2) ఆ పని చేస్తుంది: జవాబులు వరుసగా 0, 1, 0.

```python
import numpy as np
X = np.array([[0,0],[0,1],[1,0],[1,1]])
W = np.array([[1,1],[1,1]])
H = np.maximum(0, X @ W + [0,-1])
print(H @ [1,-2])    # [0 1 1 0]
```

నలపడం, జరపడం, విరవడం, గీత గియ్యడం. పెద్ద నెట్‌వర్క్‌లు కూడా ఈ నాలుగు పనులనే వందల, వేల కొలతల్లో చేస్తాయి. కొత్తగా నేర్చుకునేవారు గ్రాఫ్ కాగితం మీద ఈ దశలన్నీ గీసి, (0, -1) బదులు (0, 0) పెడితే ఏమవుతుందో చూడాలి. విరగడం జరగదు, పరిష్కారం పోతుంది. `b` దేనికో అప్పుడు తెలుస్తుంది.

పై ప్రోగ్రామ్‌లో `W @ X` కాకుండా `X @ W` అని ఉండటం గమనించారా? పుస్తకాల్లో వెక్టర్ నిలువుగా ఉంటుంది, మాత్రిక ఎడమన ఉంటుంది. ప్రోగ్రాముల్లో ఒక్కో ఉదాహరణ ఒక్కో అడ్డు వరుస, కాబట్టి మాత్రిక కుడికి వెళ్తుంది. అలా వెళ్లినప్పుడు పుస్తకంలోని నిలువు వరుసలు అడ్డు వరుసలుగా పడుకుంటాయి. పై `W`ని తిరగేసినా అదే కాబట్టి తేడా రాలేదు, అన్నిసార్లూ అంత అదృష్టం ఉండదు. పైటార్చ్‌లో `nn.Linear(784, 128)` తన `weight`ను 128 × 784గా దాచుకుంటుంది. కెరాస్‌లో `Dense` పొర అదే పనికి 784 × 128 దాచుకుంటుంది. ఒకదాన్నుంచి ఇంకొకదానికి సంఖ్యలు మోసుకెళ్లేటప్పుడు తిరగెయ్యడం మరిచిపోతే ఇక్కడ వెంటనే ఎర్రర్ వస్తుంది. ప్రమాదం 128 నుంచి 128కి వెళ్లే పొరలో ఉంది. అక్కడ ఎర్రర్ రాదు, జవాబులు మాత్రం తప్పు. పట్టుకోవడానికి బాణాల పరీక్షే ఉంది. తెలిసిన మాత్రిక ఒకటి, ఉదాహరణకు మన `R`ను, పొరలో పెట్టి ప్రమాణ బాణాన్ని పంపాలి.

```python
R = np.array([[0,-1],[1,0]])
e1 = np.array([1,0])
print(R @ e1)    # [0 1]
print(e1 @ R)    # [ 0 -1]
```

ఒకటి పైకి తిరిగింది, ఇంకొకటి కిందికి. ఎటు తిరగాలో ముందే తెలుసు కాబట్టి తప్పు దాగలేదు.

ఇంకో తప్పు ఇంతకంటే మెత్తనిది. అసలు జవాబుల `y` ఆకారం `(100,)`, మోడల్ చెప్పినవాటి ఆకారం `(100, 1)` అయితే, రెండింటి తేడా తీసినప్పుడు నమ్‌పై వంద సంఖ్యలు ఇవ్వదు, 100 × 100 పట్టిక ఇస్తుంది. ప్రతి జవాబునూ ప్రతి అంచనాతో పోలుస్తుంది. సగటు తీస్తే ఒకే సంఖ్య వస్తుంది కాబట్టి అనుమానం రాదు. ట్రైనింగ్ నడుస్తుంది, లాస్ తగ్గుతుంది, తగ్గి `y` విస్తృతి దగ్గర ఆగిపోతుంది. మోడల్ అన్ని ప్రశ్నలకూ ఇంచుమించు ఒకే జవాబు, `y` సగటు, చెప్పడం మొదలుపెడుతుంది. ఈ రెండు గుర్తులూ కలిసి కనబడితే మోడల్‌ను మార్చేముందు `shape` అచ్చువేసి చూడాలి.

రెండు కొలతల బొమ్మ మోసం చేసే చోటు కూడా ఉంది, జ్యామితి మీద ఇష్టమున్నవారు దీన్ని తప్పక తెలుసుకోవాలి. కాగితం మీద యాదృచ్ఛికంగా రెండు బాణాలు గీస్తే మధ్య కోణం ఎంతైనా ఉండవచ్చు. కొలతలు పెరిగేకొద్దీ అలా ఉండదు. 300 కొలతల్లో యాదృచ్ఛికంగా తీసుకున్న రెండు బాణాలు దాదాపు లంబంగానే ఉంటాయి. కోణం కొసైన్ సున్నా చుట్టూ 1/√300, అంటే సుమారు 0.058 మేర అటూ ఇటూ ఊగుతుంది. కాబట్టి కొసైన్ 0.3 వస్తే కాగితపు అలవాటు ప్రకారం అది 73 డిగ్రీలు, పెద్ద సంబంధమేమీ లేదనిపిస్తుంది. 300 కొలతల్లో అది మామూలు ఊగుకు అయిదు రెట్లు, ఊరికే వచ్చేది కాదు.

పొడవుల సంగతీ ఇలాగే. ఒక్కో సంఖ్య సగటు 0, విస్తృతి 1గా ఉన్న 64 కొలతల యాదృచ్ఛిక వెక్టర్లు రెండు తీసుకుంటే వాటి డాట్ ప్రొడక్ట్ సాధారణంగా 8 మేర ఊగుతుంది, అంటే √64. 2017లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ వ్యాసంలో ఒక్కో అటెన్షన్ హెడ్‌కు 64 కొలతలు. అక్కడ డాట్ ప్రొడక్ట్‌ను సరిగ్గా ఆ √64తోనే భాగిస్తారు. భాగించకపోతే పెద్ద సంఖ్యలు సాఫ్ట్‌మ్యాక్స్‌లోకి వెళ్లి ఒక్కదానికే దాదాపు మొత్తం వాటా ఇచ్చేస్తాయి, నేర్చుకోవడానికి కావలసిన వాలు మాయమవుతుంది.

అయితే 0.058 లెక్క యాదృచ్ఛిక బాణాలకే. ట్రైనింగ్ పూర్తయిన పదాల వెక్టర్లు తరచుగా ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. అన్నిటిలోనూ ఒక ఉమ్మడి దిశ కలిసి ఉండటం వల్ల సంబంధం లేని మాటల మధ్య కూడా కొసైన్ ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటప్పుడు 0.3ని చూసి నిర్ణయానికి రాకూడదు. మొత్తం వెక్టర్ల సగటును ముందు ఒక్కోదాన్నుంచి తీసేసి, మిగిలినవాటి మధ్య కోణం కొలవాలి. పక్కన యాదృచ్ఛికంగా ఎంచిన కొన్ని వందల పదాల జతలకు కూడా అదే కొలత తీసి, మనకు వచ్చిన 0.3 వాటి గుంపులో ఎక్కడ పడుతుందో చూడాలి.